యూపీఐ చెల్లింపు ఆగిపోయిన స్క్రీన్‌షాట్‌ను తెలుగులో చదవడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో నాకు జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం ఉంది. మా దగ్గరికి వచ్చేవాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుకున్నారు, ఫోనులో యాపు మాత్రం ఇంగ్లిషులో ఉంటుంది. సరిహద్దు దాటితే పాతపట్నం, అక్కడ కొనుగోళ్లు, ఇక్కడ బ్యాంకు ఖాతా. చెల్లింపు మధ్యలో ఆగినప్పుడు ఒకరు స్క్రీన్‌షాట్ పంపుతారు, ఇంకొకరు దాన్ని తెలుగులో చెబుతారు, మూడోవారు ఆ మాట విని నిర్ణయం తీసుకుంటారు. డబ్బు చిక్కుకునేది ఎక్కువగా ఆ రెండో మెట్టు దగ్గర. నన్ను పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

స్క్రీన్‌షాట్ చేతికి రాగానే మొదట ఏం చూడాలి?

రంగు చూసి నిర్ణయానికి రాకండి. ఎర్రటి గుర్తు కనబడగానే “డబ్బు పోయింది” అనుకుంటారు, పసుపు గుర్తును అసలు పట్టించుకోరు. నిజానికి ఎక్కువ జాగ్రత్త కావలసింది పసుపు గుర్తుకే. ముందు స్థితిని తెలిపే మాటను అక్షరం అక్షరం చదవండి. తరువాత తేదీ, సమయం, మొత్తం చూడండి. ఆ పైన, చెల్లింపును గుర్తుపట్టే 12 అంకెల సంఖ్య ఉందో లేదో వెతకండి. చివరగా, బ్యాంకు నుంచి డబ్బు తగ్గినట్టు సందేశం వచ్చిందా అని అడగండి. స్క్రీన్‌షాట్ చెప్పేది ఆ నిమిషాన యాపుకు తెలిసిన సంగతి మాత్రమే. డబ్బు కదిలిందో లేదో చెప్పేది బ్యాంకు ఖాతా.

ఇంకొక మాట. స్క్రీన్‌షాట్ నిన్నటిదైతే అది నిన్నటి స్థితి. యాపు తెరిచి, చరిత్రలో అదే చెల్లింపును మళ్లీ నొక్కి, ఈరోజు ఏముందో చూడండి. సగం సమస్యలు అక్కడే తీరిపోతాయి.

“Failed”, “Declined”, “Pending” మూడూ ఒకటే కదా? అన్నిటినీ “ఫెయిల్ అయింది” అనే అంటున్నాం.

ఒకటి కాదు. ఈ పేజీ మొత్తంలో ఒక్క జవాబు మాత్రమే చదవగలిగితే దీన్నే చదవమంటాను.

మీరు పిన్ నొక్కాక జరిగేది ఇది. యాపు మీ కోరికను యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ వ్యవస్థకు పంపుతుంది. అది మీ బ్యాంకును డబ్బు తీయమంటుంది. మీ బ్యాంకు తీశానని చెప్పాక, అవతలి బ్యాంకును జమ చేయమంటుంది. అవతలి బ్యాంకు చేశానని చెబితే మీకు పచ్చ గుర్తు వస్తుంది. ఇందులో ఏ మెట్టు దగ్గర ఆగిందన్నదాన్ని బట్టి తెర మీద మాట మారుతుంది.

“Declined” అంటే నిరాకరణ. సాధారణంగా మీ బ్యాంకే మొదట్లో కుదరదన్నది. నిల్వ చాలకపోవచ్చు, పిన్ తప్పయి ఉండవచ్చు, రోజువారీ పరిమితి దాటి ఉండవచ్చు. డబ్బు కదలలేదు. తెలుగులో “బ్యాంకు ఒప్పుకోలేదు” అని చెప్పండి.

“Failed” అంటే విఫలం. ఎక్కడో తెగిపోయింది, చెల్లింపు పూర్తి కాలేదని తేలింది. డబ్బు తీయకముందే తెగి ఉండవచ్చు, తీసిన తరువాత తెగి ఉండవచ్చు. రెండో సందర్భంలో డబ్బు వెనక్కి రావాలి. అందుకే “విఫలమైంది” అన్న వెంటనే “ఖాతాలో తగ్గింది” అనో “తగ్గలేదు” అనో చేర్చి చెప్పాలి.

“Pending”, “Processing” అంటే ఇంకా తేలలేదు. చాలాసార్లు మీ ఖాతాలో డబ్బు తీయడం అయిపోయి ఉంటుంది, అవతలి బ్యాంకు నుంచి మాత్రం జవాబు సమయానికి రాలేదు. ఆ బ్యాంకు జమ చేసి జవాబు చెప్పలేకపోయిందా, అసలు జమే చేయలేదా అన్నది అప్పటికి ఎవరికీ తెలియదు. బ్యాంకులు లెక్కలు సరిచూసుకున్నాక అది విజయమూ కావచ్చు, విఫలమూ కావచ్చు. దీన్ని “ఫెయిల్” అని చెప్పడం తప్పు అనువాదం. “తేలలేదు, ఆగండి” అనండి.

మాట తేడా వస్తే నిజంగా నష్టం జరుగుతుందా?

నా కళ్ల ముందు జరిగిన సంగతి చెబుతాను. 2025 నవంబర్ 14, శుక్రవారం సాయంత్రం 6:48కి మా పక్క ఊరి రైతు పాతపట్నంలో మినుము విత్తనాలకు రూ. 2,850 పంపాడు. దుకాణదారు గోడ మీద అంటించిన క్యూఆర్ ఆయన సొంత ఖాతాది. రైతు ఫోనుకు రూ. 2,850 తగ్గినట్టు సందేశం వచ్చింది. యాపులో పసుపు గుర్తు, కింద “Processing”. దుకాణదారుకు ఏ సందేశమూ రాలేదు.

రైతు ఆ స్క్రీన్‌షాట్‌ను మేనల్లుడికి పంపాడు. కుర్రాడు పనిలో ఉండి, ఒక్క చూపు చూసి, “ఫెయిల్ అయింది మామయ్యా, డబ్బులు వాపసు వస్తాయి” అని వాయిస్ సందేశం పెట్టాడు. ఆ మాట నమ్మి రైతు పక్కవాళ్ల దగ్గర అప్పు తీసుకుని రూ. 2,850 నగదు ఇచ్చి విత్తనాలు తెచ్చుకున్నాడు. శనివారం డబ్బు రాలేదు, ఆదివారం రాలేదు. మంగళవారం బ్యాంకుకు వెళ్తే, ఆ చెల్లింపు విఫలం కాలేదని చెప్పి పంపేశారు. బ్యాంకు తన డబ్బు మింగేసిందన్న బాధతో నా దుకాణానికి వచ్చాడు.

యాపు తెరిచి అదే చెల్లింపును నొక్కితే పచ్చ గుర్తు, “Success”. 12 అంకెల సంఖ్య మొదట్లో 5318 ఉంది. ఆ సంఖ్యను దుకాణదారుకు పంపి ఖాతా స్టేట్‌మెంట్ చూడమన్నాను. 15వ తేదీన అదే సంఖ్యతో రూ. 2,850 జమ అయి ఉంది. ఆయనకు వచ్చే సందేశాల రద్దీలో అది కనబడలేదంతే. మరుసటి రోజే నగదు తిరిగి ఇచ్చాడు.

ఇక్కడ బ్యాంకు నుంచి రావలసింది పైసా కూడా లేదు. డబ్బు దుకాణదారు దగ్గరే ఉంది. కానీ “వాపసు వస్తుంది” అన్న ఒక్క మాటతో నాలుగు రోజులు రైతు తప్పు గుమ్మం ముందు నిలబడ్డాడు. పసుపు గుర్తు ఉన్నప్పుడు రెండోసారి చెల్లించక తప్పకపోతే, “మొదటిది జమ అయితే తిరిగి ఇస్తాను” అని దుకాణదారు చేత ఒక సందేశం పెట్టించుకోండి, అందులో 12 అంకెల సంఖ్యా ఉండాలి.

“Reversal”, “Refund” రెండింటికీ తెలుగులో “వాపసు” అంటే సరిపోదా?

సరిపోదు, ఎందుకంటే అడగవలసిన మనిషి మారిపోతాడు. “Reversal” అంటే పూర్తికాని చెల్లింపును బ్యాంకులే వెనక్కి తిప్పడం. దీనికి దుకాణదారు చేయవలసింది ఏమీ లేదు, గడువు రిజర్వు బ్యాంకు పెట్టింది. “Refund” అంటే డబ్బు దుకాణదారుకు చేరాక, సరుకు వద్దన్నందుకో, ఆర్డరు రద్దయినందుకో ఆయన తిరిగి పంపడం. ఇది ఆయన మొదలుపెడితేనే మొదలవుతుంది. నేను మొదటిదాన్ని “బ్యాంకు వెనక్కి వేయడం” అనీ, రెండోదాన్ని “దుకాణం తిరిగి ఇవ్వడం” అనీ చెబుతాను. వినేవాళ్లకు ఎవరిని అడగాలో ఆ మాటలోనే తెలిసిపోతుంది.

“Refund initiated” అని ఉంటే డబ్బు వచ్చేసిందని కాదు. తిరిగి ఇవ్వడం మొదలైందని.

స్క్రీన్‌షాట్‌లో రెండు మూడు పొడవాటి సంఖ్యలు ఉన్నాయి. బ్యాంకుకు ఏది చెప్పాలి?

12 అంకెలది. అందులో అక్షరాలు ఉండవు. ఒక యాపులో దాని పక్కన UTR అని, ఇంకొక దానిలో UPI transaction ID అని, మరొక చోట UPI Ref No అని, బ్యాంకు కాగితాల్లో RRN అని ఉంటుంది. పేర్లు నాలుగైనా యూపీఐ చెల్లింపు వరకు వెతికేది ఆ ఒక్క సంఖ్యనే. మీ బ్యాంకు, అవతలి బ్యాంకు రెండూ దానితోనే చెల్లింపును పట్టుకుంటాయి.

మిగతావి యాపు సొంత సంఖ్యలు. ఫోన్‌పేలో T అక్షరంతో మొదలయ్యే పొడవాటి సంఖ్య, గూగుల్ పేలో Google transaction ID అని ఉండేది ఆ కోవవి. యాపు సహాయ విభాగానికి అవి పనికొస్తాయి. బ్యాంకు కౌంటరులో అవి చెబితే “కనబడటం లేదు” అంటారు, అప్పుడు మీ చెల్లింపే లేదనుకుని మీరు కంగారు పడతారు. ఆన్‌లైన్ కొనుగోలైతే ఆర్డరు సంఖ్య కూడా ఉంటుంది, అది ఆ దుకాణానికి మాత్రమే తెలుసు.

ఈ సంఖ్యలను అనువదించకండి, నోటితో చదివి పంపకండి. స్క్రీన్‌షాట్‌తో పాటు సంఖ్యను సందేశంలో అంకెలుగా కూడా పంపండి. యాపులో దాని పక్కనే నకలు తీసుకునే గుర్తు ఉంటుంది. నోటితో చెప్పక తప్పకపోతే నాలుగేసి అంకెలుగా విడగొట్టి, ప్రతి నాలుగింటికీ ఆగి తిరిగి చెప్పించుకోండి. ఒడియాలో రాసే అలవాటు ఉన్నవాళ్లు ఫిర్యాదులో ఒడియా అంకెలు వేస్తుంటారు. ఈ సంఖ్యను మాత్రం తెర మీద ఉన్న అంకెల్లోనే రాయండి.

ఆ 12 అంకెలు చూసి తేదీ చెప్పవచ్చంటారు, నిజమా?

చాలా సందర్భాల్లో చెప్పవచ్చు. మొదటి అంకె సంవత్సరంలో చివరి అంకె, తరువాతి మూడు ఆ సంవత్సరంలో ఎన్నో రోజో చెబుతాయి. రైతు సంఖ్య 5318తో మొదలైంది కదా. 5 అంటే 2025. 318వ రోజు అంటే అక్టోబర్ చివరికి 304 రోజులు, ఇంకో 14 కలిపితే నవంబర్ 14. పాత స్క్రీన్‌షాట్‌ను కొత్తదని చూపిస్తున్నారేమోనని అనుమానం వచ్చినప్పుడు దీనితో ఒకసారి సరిచూసుకుంటాను. కానీ అన్ని చోట్లా ఇదే పద్ధతి ఉండాలని లేదు. కలవనంత మాత్రాన ఎవరినీ దొంగ అనవద్దు, స్టేట్‌మెంట్ అడగండి.

U30, Z9 లాంటి కోడ్‌లకు అర్థం ఏమిటి?

ఎక్కువగా కనబడేవి కొన్నే. Z9 అంటే ఖాతాలో సరిపడా డబ్బు లేదు. ZM అంటే పిన్ తప్పు. U69 అంటే డబ్బు అడుగుతూ పంపిన అభ్యర్థన గడువు తీరిపోయింది. U30 అంటే డబ్బు తీయడం విఫలమైంది. ఈ నాలుగింటిలో సాధారణంగా డబ్బు కదలదు. U68 వేరు. అది జమ చేసే బ్యాంకు నుంచి జవాబు సమయానికి రాలేదని చెబుతుంది, అంటే పైన చెప్పిన పసుపు కథే.

కోడ్‌ను తెలుగు అక్షరాల్లోకి మార్చకుండా ఉన్నది ఉన్నట్టే పంపండి. “జెడ్ తొమ్మిది” అని రాస్తే సహాయ విభాగంలో ఎవరూ వెతకలేరు.

డబ్బు తగ్గింది, చెల్లింపు పూర్తి కాలేదు. ఎన్ని రోజుల్లో వెనక్కి రావాలి?

2019 సెప్టెంబర్ 20న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌లో గడువులు ఉన్నాయి. యూపీఐలో ఒక మనిషి ఇంకొకరికి పంపినప్పుడు మీ ఖాతాలో తగ్గి అవతల జమ కాకపోతే, T+1 లోగా వెనక్కి రావాలి. దుకాణానికి చెల్లించి, మీ ఖాతాలో తగ్గి, దుకాణానికి ఖరారు కాకపోతే T+5 లోగా రావాలి.

T అంటే చెల్లింపు జరిగిన క్యాలెండరు తేదీ. రాత్రి 11:58కి చేసినా ఆ రోజే T. శుక్రవారం నవంబర్ 14 T అయితే, T+1 శనివారం 15, T+5 బుధవారం 19. శని, ఆదివారాలు లెక్కలోకి వస్తాయి. కొన్ని యాపుల తెర మీద 3 నుంచి 5 “working days” అని ఉంటుంది, దాన్ని ఇంట్లో “ఐదు రోజులు” అని చెబుతారు. పని దినాలంటే సెలవులు కలపరు, కాబట్టి ఆ ఐదు రోజులు ఎనిమిది కావచ్చు. అది యాపు తన వైపు నుంచి చెప్పే అంచనా. విఫలమైన చెల్లింపులో మీ హక్కును కొలిచేది మాత్రం సర్క్యులర్ గడువే. చెప్పేటప్పుడు “ఐదు రోజులు” అనకుండా “నవంబర్ 19 రాత్రి లోగా” అని తేదీతో చెప్పండి, గందరగోళం ఉండదు.

దుకాణం తానుగా తిరిగి ఇచ్చే డబ్బుకు ఈ గడువులు వర్తించవు.

నేను చెల్లించింది దుకాణానికే. కానీ క్యూఆర్ ఆయన సొంత ఖాతాది. అప్పుడు T+1ఆ, T+5ఆ?

మంచి ప్రశ్న. మా వైపు సంతల్లో, చిన్న దుకాణాల్లో ఇదే మామూలు. వ్యాపారిగా నమోదు చేసుకున్న క్యూఆర్‌కు చెల్లిస్తే అది దుకాణపు చెల్లింపు. వ్యక్తి సొంత ఖాతా క్యూఆర్‌కు పంపితే బోర్డు మీద ఏ పేరున్నా వ్యవస్థ దృష్టిలో అది మనిషి నుంచి మనిషికి వెళ్లిన డబ్బు, గడువు T+1. జమ కాగానే గట్టిగా పలికే పెట్టె ఉంటే అది సాధారణంగా వ్యాపారి క్యూఆర్. చెల్లించేటప్పుడు దుకాణం పేరు కాకుండా మనిషి పేరు కనబడి, యూపీఐ చిరునామా ఆయన ఫోను నంబరుతో ఉంటే చాలావరకు సొంత ఖాతానే. తేల్చుకోలేకపోతే దుకాణదారునే అడగండి.

గడువు దాటితే రోజుకు రూ. 100 ఇస్తారని విన్నాను.

అవును. అదే సర్క్యులర్ ప్రకారం గడువు దాటిన ప్రతి రోజుకూ రూ. 100. దుకాణపు చెల్లింపు నవంబర్ 14న విఫలమై, డబ్బు 22న వెనక్కి వచ్చిందనుకోండి. గడువు 19. దాటినవి మూడు రోజులు, రూ. 300 రావాలి. మీరు అడగకుండానే ఖాతాలో వేయాలని కూడా అందులో ఉంది. వేయకపోతే అడగండి. “పరిహారం” అనే మాట వాడండి. “వడ్డీ” అంటే వాళ్లకు వేరే లెక్క గుర్తొస్తుంది. తప్పు పిన్ కొట్టడం, నిల్వ లేకపోవడం వంటి వాటికి ఇది ఉండదు. వేరేవాళ్లకు పొరపాటున పంపిన డబ్బుకూ ఉండదు, ఎందుకంటే అక్కడ చెల్లింపు విజయవంతంగానే జరిగింది.

వెనక్కి వచ్చిందో లేదో స్టేట్‌మెంట్‌లో ఎలా తెలుస్తుంది?

నిల్వ చూసి ఊహించకండి, మధ్యలో వేరే జమలు, ఖర్చులు ఉంటాయి. 12 అంకెల సంఖ్యను వెతకండి. మొదట DR తో, అంటే తగ్గినట్టు, ఒక వరుస ఉంటుంది. వెనక్కి వస్తే అంతే మొత్తంతో జమ వరుస ఉంటుంది. కొన్ని బ్యాంకుల్లో అక్కడ REV అని కనబడుతుంది. ఆ రెండో వరుస తేదీతోనే పరిహారం లెక్క కట్టాలి. సందేశం రాలేదని డబ్బు రాలేదనుకోవద్దు.

“Check status” మళ్లీ మళ్లీ నొక్కితే త్వరగా తేలుతుందా?

తేలదు. 2025 ఆగస్టు 1 నుంచి తేలని చెల్లింపు స్థితిని యాపు మూడుసార్లే, కనీసం 90 సెకన్ల ఎడంతో అడగగలదు.

ఊళ్లో ఉన్న అమ్మ స్క్రీన్‌షాట్ పంపింది. నేను తెలుగులో ఏం చెప్పాలి?

మాటలు తగ్గించి నాలుగు సంగతులు చెప్పండి: ఖాతాలో డబ్బు తగ్గిందా, అవతల చేరిందా, ఇప్పుడు ఎవరు ఏం చేయాలి, ఏ తేదీ వరకు ఆగాలి. ఉదాహరణకు: “అమ్మా, నీ ఖాతాలో రూ. 640 తగ్గింది. పిన్ని ఖాతాలో పడిందో లేదో ఇంకా తేలలేదు. రేపు రాత్రి వరకు మళ్లీ పంపవద్దు. ఎల్లుండి పొద్దున నేను చూస్తాను.” ఇందులో “ఫెయిల్” లేదు, “వాపసు” లేదు. అమ్మకు తెలియవలసింది అంతా ఉంది.

అమ్మ ఫోను ఒడియాలో ఉంటే “సఫళ”, “బిఫళ” అనే మాటల్లో మొదటి అక్షరమే తేడా. తెలుగులో సఫలం, విఫలం ఎలాగో అలాగే. చిన్న తెర మీద కళ్లద్దాలు లేకుండా చదివితే తారుమారవుతాయి. ఫోనులో ఆమె చదివి చెప్పిన మాట మీద ఆధారపడకుండా బొమ్మనే పంపించుకోండి.

స్క్రీన్‌షాట్‌లో ఏం దాచాలి?

ఖాతా సంఖ్య, నిల్వ, ఇతర చెల్లింపుల వరుసలు. తేదీ, సమయం, మొత్తం, స్థితి, 12 అంకెల సంఖ్య మాత్రం కత్తిరించవద్దు. అందంగా కత్తిరించిన స్క్రీన్‌షాట్‌లో ఎక్కువగా పోయేది కింది భాగమే, సంఖ్య ఉండేదీ అక్కడే. బహిరంగ గుంపుల్లో అసలు పెట్టకండి.

ఫిర్యాదు ఎలా రాయాలి, ఎక్కడ ఇవ్వాలి?

మొదట యాపులో అదే చెల్లింపును నొక్కి సహాయం దగ్గర ఫిర్యాదు నమోదు చేయండి. గడువు దాటితే మీ ఖాతా ఉన్న బ్యాంకులో రాతపూర్వకంగా ఇచ్చి, ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. మా దగ్గర శాఖ సిబ్బందితో మాట ఒడియాలో సాగుతుంది కానీ కాగితం మీద స్థితి మాటలు, సంఖ్యలు తెర మీద ఉన్నట్టే ఉంచితే ఏ భాషవారైనా చదువుకుంటారు. నేను రాసిచ్చే నమూనా ఇది, పైన చెప్పిన రైతు చెల్లింపు నిజంగానే విఫలమై ఉంటే ఇలా రాసేవాడిని:

“14-11-2025 సాయంత్రం 6:48కి యూపీఐ ద్వారా రూ. 2,850 పంపాను. నా ఖాతాలో తగ్గింది. యాపులో స్థితి: FAILED. UTR: 5318XXXXXXXX. అవతలి ఖాతాలో జమ కాలేదు. 15-11-2025 గడువు దాటింది. మొత్తాన్ని, రిజర్వు బ్యాంకు 20-09-2019 సర్క్యులర్ ప్రకారం పరిహారాన్ని ఖాతాలో వేయగలరు.”

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448. డిజిటల్ చెల్లింపుల మీద సాధారణ సందేహాలకు డిజీసాథీ సంఖ్య 14431.

ఫిర్యాదు పెట్టిన గంటకే “మీ డబ్బు వేస్తాం, ఈ అభ్యర్థన ఒప్పుకుని పిన్ కొట్టండి” అని ఫోను వచ్చింది.

ఫోను పెట్టేయండి, పిన్ కొట్టకండి. బ్యాంకు వెనక్కి వేసే డబ్బు దానంతట అదే ఖాతాలో పడుతుంది, పిన్ అక్కర్లేదు. యూపీఐ పిన్ కొట్టేది డబ్బు పంపడానికీ, నిల్వ చూడటానికీ. సామాజిక మాధ్యమాల్లో మీరు పెట్టిన స్క్రీన్‌షాట్ నుంచే వాళ్లకు మొత్తం, తేదీ తెలిసి ఉండవచ్చు, అందుకే మాట అంత నమ్మకంగా ఉంటుంది. ఇప్పటికే పిన్ కొట్టి డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోను చేయండి, ఆ తరువాత బ్యాంకుకు. అప్పుడు చెప్పవలసిన 12 అంకెలు పాత స్క్రీన్‌షాట్‌లోవి కావు, ఇప్పుడు పోయిన చెల్లింపువి.